వీడ్కోలు సభకు పిలుపు, చందాకు వేరే కబురు

జూన్ నెలాఖరు దగ్గరపడుతోందంటే ప్రభుత్వ బడుల్లో శాలువాలు, పూలదండలు, జ్ఞాపికల హడావుడి మొదలవుతుంది. దీనికి మూలం పాత అడ్మిషన్ రిజిస్టర్లలో ఉంది. అరవై ఏళ్ళ కిందట పల్లెల్లో పిల్లాడి పుట్టినతేదీ రాసిపెట్టుకున్న ఇళ్ళు తక్కువ. జూన్‌లో బడిలో వెయ్యడానికి తీసుకొస్తే, అయిదేళ్ళు నిండినట్టు లెక్కకట్టి మాస్టారే ఓ తేదీ వేసేసేవారు. అలా జూన్ నెలలో ఏదో ఒక తేదీ, లేదంటే జూలై 1 పుట్టినరోజుగా స్థిరపడిపోయినవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఉద్యోగి ఏ నెలలో విరమణ వయసుకు చేరితే ఆ నెల చివరి రోజు మధ్యాహ్నం తర్వాత విరమణ చేస్తాడు. ఒకటో తేదీన పుట్టినవాడికి మాత్రం అంతకు ముందు నెల చివరి రోజే ఆఖరు. కాబట్టి జూన్ 1 తప్ప ఆ నెలలో మిగతా తేదీల్లో పుట్టినవారూ, జూలై 1న పుట్టినట్టు రాయించుకున్నవారూ అందరూ జూన్ 30నే సెలవు తీసుకుంటారు.

వాళ్ళకు తోటి ఉద్యోగులు చేసే సభ గురించి, మరీ ముఖ్యంగా ఆ సభకు సహోద్యోగులను పిలిచే కబురు గురించి ఈ వ్యాసం. చూడబోతే అది నాలుగు వాక్యాల పని. ఎవరికి సన్మానం, ఎప్పుడు, ఎక్కడ, ఎవరెంత ఇవ్వాలి. కానీ ఆ నాలుగో వాక్యం దగ్గరే స్టాఫ్‌రూములో మొహాలు మారిపోతాయి. ‘చందా ఐచ్ఛికం’ అని రాసినంత మాత్రాన అది ఐచ్ఛికం అయిపోదు. కబురు ఎలా పంపారు, డబ్బు ఎవరు తీసుకున్నారు, ఎవరు ఇచ్చారో ఎవరికి తెలుస్తుంది అన్నవాటిని బట్టే ఇవ్వకపోవడానికి వీలుందో లేదో తేలుతుంది.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. మన తెలుగునాట ఉద్యోగ విరమణకు తరచూ రెండు వేడుకలు జరుగుతాయి. ఒకటి ఇంటివాళ్ళు చేసేది. ఫంక్షన్ హాలు, అచ్చు వేయించిన శుభలేఖ, బంధుమిత్రులు, భోజనాలు. ఆ ఖర్చు వాళ్ళది, పిలుపు వాళ్ళది, అక్కడ చందా మాటే లేదు. రెండోది తోటి సిబ్బంది తమ బడిలోనో ఆఫీసులోనో చేసే వీడ్కోలు సభ. మనం మాట్లాడుకుంటున్నది ఈ రెండోదాన్ని గురించి. రెండూ ఒకే రోజు పెట్టి, ఒకే కార్డు మీద రెండు కార్యక్రమాలూ అచ్చు వేయించేస్తే పిలిచింది ఎవరో, కానుక ఎవరికి ముట్టజెప్పాలో తెలియని గందరగోళం పుడుతుంది. ఇంటివాళ్ళ కార్డు ఇంటివాళ్ళే పంచాలి. సిబ్బంది కబురు సిబ్బంది నుంచే వెళ్ళాలి.

ఇప్పుడు ఒక సందర్భం తీసుకుని ఆసాంతం చూద్దాం. గోదావరి జిల్లాల్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు అనుకోండి. అక్కడి తెలుగు మాస్టారి పుట్టినతేదీ రికార్డుల్లో 1964 జూలై 1. ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 2022 జనవరి నుంచి 62 ఏళ్ళు. (తెలంగాణలో 2021లో 61కి పెంచారు.) ఆ లెక్కన మాస్టారి ఆఖరి రోజు 2026 జూన్ 30, మంగళవారం. బడిలో మాస్టారు కాక ఇరవైమంది ఉపాధ్యాయులు. అటెండరు, వాచ్‌మన్, ఆయా కలిపి ముగ్గురు. మధ్యాహ్న భోజనం వండే అమ్మలు ముగ్గురు. సభ బాధ్యత స్టాఫ్ సెక్రటరీగా ఉన్న లెక్కల టీచరు మీద పడింది.

ఆమె ముందు తేల్చుకోవాల్సింది వేళ. ఆఖరి రోజున మాస్టారు అతిథి కాదు, ఇంకా ఉద్యోగే. లైబ్రరీ తాళాలు, పుస్తకాల స్టాకు రిజిస్టరు మరొకరికి అప్పగించాలి. సంతకాలు పెట్టాలి. ఆ రోజు అపరాహ్ణం విధుల నుంచి విడుదలైనట్టు హెడ్మాస్టరు కాగితం ఇవ్వాలి. ఆ పనులు అయ్యేలోపు సభ పెడితే మాస్టారు వేదిక మీదికీ ఆఫీసు గదిలోకీ తిరుగుతూనే ఉంటారు. ఉదయం పిల్లలు తమ ప్రార్థన సమావేశంలో మాస్టారికి దండ వేసుకోవచ్చు. పెద్దల సభ మాత్రం బడి వదిలాకే బాగుంటుంది. పాఠాల వేళ తీసుకున్నారన్న మాట కూడా రాదు.

బడి నాలుగింటికి వదులుతుంది. వెంటనే మొదలుపెడదామంటే మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర. నమ్మకం ఎవరికెంత ఉందన్నది పక్కనపెడితే, మాస్టారి ఇంట్లో పెద్దవాళ్ళు ఆ మాట అడిగి తీరతారు. అడిగాక మార్చడం కంటే ముందే చూసుకోవడం తేలిక. లెక్కల టీచరు ఇలా సర్దింది. నాలుగుంబావుకు టీ, టిఫిను. నాలుగూ నలభైకి దీపం వెలిగించి సభ. ఆరుంబావుకు ముగింపు. ముగింపు వేళ కూడా కబురులో రాసింది, ఎందుకంటే సిబ్బందిలో సగం మంది పక్క పట్టణం నుంచి బస్సులో వస్తారు. ఆరూ నలభై బస్సు తప్పితే మళ్ళీ ఎనిమిదింటికే. ముగింపు వేళ లేని ఆహ్వానం అందుకున్నవాళ్ళు అయిదున్నర నుంచే గడియారం చూస్తూ కూర్చుంటారు, లేదా ఏదో సాకు చెప్పి అసలు రారు. ఆరుంబావుకు ముగుస్తుందని ముందే రాసిపెట్టుంటే ఉపన్యాసాలకూ ఆ హద్దు పనికొస్తుంది. ప్రతి వక్త చేతా నాలుగు నిమిషాలు అని ఒప్పించడానికి ఆధారం దొరుకుతుంది.

విరమణ తేదీ ఆదివారం పడితే ఏం చెయ్యాలన్న ప్రశ్న తరచూ వస్తుంది. విరమణ ఆదివారమే జరుగుతుంది, తేదీ మారదు. సభ మాత్రం శనివారానికి జరుపుకోవాలి. 2024 జూన్ 30 సరిగ్గా అలాగే ఆదివారం పడింది. మే నెలాఖరున విరమణ చేసే ఉపాధ్యాయులది మరో ఇబ్బంది. బడులు వేసవి సెలవుల్లో ఉంటాయి, సిబ్బంది తలోచోటా ఉంటారు. అందుకే చాలా బడుల్లో ఏప్రిల్ ఆఖరి పనిదినాల్లోనే ఆ సభ కానిచ్చేస్తారు. అలాంటప్పుడు ‘విరమణ చేసిన’ అని రాయకూడదు. ‘మే 31న విరమణ చేయబోతున్న’ అని రాసి, సభ తేదీని వేరే వాక్యంలో ఇవ్వాలి. రెండు తేదీలూ ఒకే వాక్యంలో ఇరికిస్తే ఊళ్ళో లేనివాళ్ళు పొరపాటున మే 31నే బయల్దేరి వస్తారు.

తేదీ ఖాయం అనుకున్నాక కూడా ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కటి అంతా మార్చెయ్యగలదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో వయసు 60 నుంచి 62కి పెరిగినప్పుడు ఆ నెలాఖరున దిగిపోవాల్సినవాళ్ళకు మరో రెండేళ్ళ సర్వీసు కలిసింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 58 నుంచి 55కి తగ్గించినప్పుడు ఇంకా మూడేళ్ళుందనుకున్నవాళ్ళు ఒక్కసారిగా ఇంటికెళ్ళాల్సి వచ్చింది. ఇలాంటివి అరుదే కాబట్టి వీటిని తల్చుకుని భయపడక్కర్లేదు. కాకపోతే జ్ఞాపిక మీద పేరు, తేదీ చెక్కించడం ఆఖరి పదిరోజుల్లో పెట్టుకోవడం మంచిది.

ఇక డబ్బు సంగతి.

ఈ విషయంలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు స్పష్టమైన నియమమే ఉంది. 1964 నాటి సెంట్రల్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమాల్లో 14వది ఉద్యోగుల గౌరవార్థం జరిపే సభల గురించి చెబుతుంది. ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి తన గౌరవార్థం జరిగే సభకు వెళ్ళకూడదు, వీడ్కోలు పత్రం అందుకోకూడదు. అయితే విరమణ, బదిలీ సందర్భంగా ఆంతరంగికంగా, ఆడంబరం లేకుండా చేసుకునే వీడ్కోలుకు మినహాయింపు ఉంది. మనవాళ్ళలో చాలామందికి తెలియనిది దాని కిందే ఉన్న వివరణ. అలాంటి వీడ్కోలుకైనా సరే, చందా ఇవ్వమని ఏ ఉద్యోగి మీదా ఏ రకమైన ఒత్తిడీ తీసుకురాకూడదు. పై శ్రేణి అధికారి సభ కోసం గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగుల దగ్గర ఎట్టి పరిస్థితుల్లోనూ చందా వసూలు చెయ్యకూడదు. ఒత్తిడి చేసినా చెయ్యకపోయినా, వాళ్ళు ఇష్టపడి ఇస్తామన్నా, వసూలు చెయ్యడానికే వీల్లేదు.

రాష్ట్ర ఉద్యోగులకు కూడా 1964 నాటి సొంత ప్రవర్తనా నియమాలున్నాయి, కానుకల గురించీ చందాల గురించీ వాటిలోనూ చెప్పారు. మన హైస్కూలు మాస్టారికి కేంద్ర నియమం నేరుగా వర్తించదు. అయినా ఆ రెండు మాటలూ ఏ ఆఫీసైనా గోడకు రాసిపెట్టుకోదగ్గవని నేననుకుంటాను. పై వాళ్ళ సభకు కింది వాళ్ళ జేబు తడమకూడదని అరవై ఏళ్ళ కిందటే ఎవరో ఆలోచించి రాశారు. అలా రాయాల్సిన అవసరం వచ్చిందంటే అప్పటికే ఆ పని ఎంత మామూలుగా జరిగేదో ఊహించుకోవచ్చు.

ఇప్పటికీ జరుగుతోంది, కాకపోతే వాట్సాప్‌లో. ఒక ఆఫీసులో దగ్గర్నుంచి చూసిన సంగతి చెబుతాను. అధికారి విరమణకు తలా వెయ్యి అనుకున్నారు. ‘ఇష్టమైతేనే’ అని కూడా రాశారు. ఆ కింద అందరి పేర్లూ వరుసగా వేసి, డబ్బు అందినవాళ్ళ పేరు పక్కన పచ్చ టిక్కు పెట్టి, రోజూ సాయంత్రం ఆ జాబితాను గ్రూపులో మళ్ళీ పెట్టేవారు. మూడో రోజుకు ఇంచుమించు అన్ని పేర్ల పక్కనా టిక్కులొచ్చాయి. మిగిలిన రెండు పేర్లలో ఒకటి ఊడ్చే ఆమెది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం అయిదు వందల నోట్లు రెండు తెచ్చి క్యాషియరు బల్ల మీద పెట్టి, “నా పేరు కాడ కూడా పెట్టెయ్యి బాబూ” అంది. ఆ వెయ్యి కోసం ఆమె ఎవరి దగ్గర చెయ్యి చాచిందో ఆ జాబితా చూసినవాళ్ళకెవరికీ తెలియదు. ఆమెను ఒక్క మాట అన్నవాళ్ళు లేరు, బలవంతం చేసినవాళ్ళు లేరు. జాబితాయే ఆ పని చేసింది.

కాబట్టి మొట్టమొదట మానుకోవాల్సింది పేర్ల జాబితా. ఎవరిచ్చారు, ఎంతిచ్చారు అన్నది డబ్బు తీసుకునే ఒక్కరికే తెలియాలి. ఆ ఒక్కరు హెడ్మాస్టరో ఆఫీసరో కాకూడదు. సెలవులు మంజూరు చేసే చేతికి, రేపు పనితీరు మీద రిపోర్టు రాసే చేతికి ‘ఈసారి ఇవ్వలేను సార్’ అని చెప్పడం ఎవరికీ తేలిక కాదు. మన లెక్కల టీచరు సభ ఏర్పాట్లు తను చూసుకుని, డబ్బు తీసుకునే పని డ్రిల్లు మాస్టారికి అప్పగించింది. ఆయనకు ఎవరి మీదా అధికారం లేదు, ఎవరి మాటా ఇంకొకరి దగ్గర అనని మనిషి.

రెండోది, ఎంత అన్న ప్రశ్న. మొహమాటపడి అంకె చెప్పకుండా ‘మీ ఇష్టం’ అని వదిలేస్తే అది దయగా అనిపిస్తుంది కానీ, ఇచ్చేవాళ్ళకు అదో బాధ. ఒక్కొక్కరూ డ్రిల్లు మాస్టారికి ఫోను చేసి, “అందరూ ఎంతిస్తున్నారు సార్?” అని అడుగుతారు. ఆయన ఎవరో ఇచ్చిన అంకె చెప్పక తప్పదు. అదే చివరికి రేటైపోతుంది. కచ్చితంగా ఇంత అని రాస్తే అది పన్నులా ఉంటుంది. నా దృష్టిలో మేలైనది పై హద్దు చెప్పడం. ‘ఇవ్వదలచినవారు 600 రూపాయలకు మించకుండా’ అంటే మూడు వందలిచ్చినవాళ్ళు తక్కువ ఇచ్చామనుకోరు. ఎక్కువ ఇచ్చి పేరు తెచ్చుకోవాలనుకునేవాళ్ళకూ అక్కడే ఆగక తప్పదు. పెద్ద జీతం ఉన్న స్కూలు అసిస్టెంటు, కిందటి ఏడాది చేరిన కొత్త టీచరు ఇద్దరూ ఒకే గీతకు ఇవతలే ఉంటారు.

ఆ ఆరు వందలు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. మొదట లెక్కల టీచరు వేసిన పట్టీ ఇలా ఉంది. జ్ఞాపికకు 1,500. శాలువా, దండలకు 1,200. దంపతులకు బట్టలు 5,000. అరవై మందికి టీ, టిఫిను తలకు నలభై చొప్పున 2,400. ఫ్లెక్సీకి 600. ఫొటోలకు 2,000. మొత్తం 12,700. ఇరవై మందికి పంచితే తలా 635 పడుతుంది. కానీ ఇరవై మందీ పూర్తిగా ఇస్తారనుకుని లెక్క వేస్తే, ఇవ్వలేనివాళ్ళను వెంటపడి అడగాల్సిన గతి పడుతుంది. చందా ఐచ్ఛికం అన్నప్పుడు కొందరు ఇవ్వరు, కొందరు కొంతే ఇస్తారు అన్నది ముందే లెక్కలో ఉండాలి. అందుకని ఆమె పదిహేను మంది ఇస్తే సరిపోయేలా ఖర్చును తగ్గించింది. బట్టలు 3,500లో. ఫ్లెక్సీ చిన్నది 400కు. ఫొటోలు సైన్సు మాస్టారి ఫోనులో. అప్పుడు మొత్తం 9,000, పదిహేను మంది మీద తలా 600.

ఈ వరుస తిరగబడితేనే గొడవలొస్తాయి. వెండి పళ్ళెం పెట్టాలని ముందు అనుకుని, దాని ధర కనుక్కుని, తర్వాత మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది కోరిక ధర. అది చాలక ఇచ్చినవాళ్ళనే మళ్ళీ అడుగుతారు, ఆఖరికి స్టాఫ్ సెక్రటరీ తన జేబులోంచి వేసుకుని ఏడాది పాటు చెప్పుకుంటుంది. ఖర్చు పెంచుకునే వీలున్న పద్దు ఒక్కటే ఉంచుకోవాలి. ఇక్కడ అది బట్టలు. అందుకే బట్టలు చివర్లో కొనాలి, వచ్చిన డబ్బు చూసుకుని. జ్ఞాపిక, టిఫిను ముందే చెప్పుకోవాలి కాబట్టి అవి కదలవు.

అటెండరు, వాచ్‌మన్, ఆయా, వంట అమ్మలు ఆరుగురికీ చందా కబురు వెళ్ళనే లేదు. సభకు పిలుపు మాత్రం అందరితో పాటు వెళ్ళింది. అసలు చిక్కు ఇక్కడే. ఒకే కబురులో సభా చందా రెండూ కలిపి రాస్తే ఈ ఆరుగురికి ఏది పంపాలి? పిలుపు పంపితే చందా కూడా అడిగినట్టే. చందా అడగకూడదని మానేస్తే పిలవనట్టే. బదిలీ మీద వెళ్ళిపోయిన పాత సహోద్యోగులదీ, ఇదివరకే విరమణ చేసినవాళ్ళదీ ఇదే పరిస్థితి. మాస్టారు వాళ్ళను చూడాలనుకుంటారు. వాళ్ళను పిలిచి డబ్బడగడం బాగుండదు. విడదీస్తేనే ఈ చిక్కు విడుతుంది. సభకు పిలుపు అందరికీ ఒకటి, చందా మాట ఇరవైమందికి విడిగా ఇంకొకటి. రెండూ ఒకే రోజు కూడా పంపకూడదు, కనీసం రెండు మూడు రోజుల తేడా ఉండాలి.

మాస్టారు సభ్యుడిగా ఉన్న గ్రూపులో చందా మాట రాకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు అనిపిస్తుంది. కానీ రోజూ వాడే స్టాఫ్ గ్రూపులో ఆయన కూడా ఉంటారన్నది హడావుడిలో ఎవరికీ గుర్తుండదు. తన శాలువాకు ఎవరెంత ఇచ్చారో తానే చదువుకోవాల్సి రావడం ఏ మాస్టారికీ మర్యాద కాదు. చందా కబురు ఒక్కొక్కరికీ విడిగా పంపాలి. ఇరవై మందికి పంపడం పావుగంట పని.

సభకు పదిహేను రోజుల ముందు, జూన్ 15న, లెక్కల టీచరు పంపిన పిలుపు ఇదీ:

“నమస్కారం. మన తెలుగు మాస్టారు ఈ నెల 30న పదవీ విరమణ చేస్తున్నారు. ఆ సందర్భంగా మన సిబ్బంది తరఫున వీడ్కోలు సభ జరుపుకుంటున్నాం.
తేదీ: 2026 జూన్ 30, మంగళవారం. టీ, టిఫిను సాయంత్రం 4.15కు. సభ 4.40 నుంచి 6.15 వరకు.
స్థలం: మన హైస్కూలు, లైబ్రరీ పక్కన పదో తరగతి గది. బస్సులో వచ్చేవారు పంచాయతీ ఆఫీసు దగ్గర దిగితే రెండు నిమిషాల నడక. పట్టణం వైపు తిరుగు బస్సు 6.40కి ఉంది.
మాస్టారి కుటుంబ సభ్యులు కూడా వస్తున్నారు. మాట్లాడదలచినవారు 25వ తేదీలోగా నాకు చెబితే వరుస రాసుకుంటాను, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. టిఫిను లెక్క కోసం వస్తున్నారో లేదో 26లోగా ఒక్క మాట తెలియజేయండి. కానుకలేమీ తేవద్దని మనవి. మీ రాకే మాకు సంతోషం.
ఇట్లు, సిబ్బంది తరఫున, స్టాఫ్ సెక్రటరీ.”

ఇందులో తేదీ పక్కన వారం ఉంది. తేదీ తప్పుపడితే వారం పట్టిస్తుంది, వారం లేని ఆహ్వానంలో అచ్చుతప్పు ఎవరికీ దొరకదు. స్థలం దగ్గర బడి పేరుతో ఆగకుండా గది చెప్పింది, ఎందుకంటే పాతవాళ్ళకు కొత్త భవనం తెలియదు. కానుకలు వద్దనడం బయటినుంచి వచ్చేవాళ్ళ కోసం. ఆ మాట లేకపోతే పాత సహోద్యోగులు ఉత్త చేతులతో ఎలా వెళ్ళడమని దారిలో ఆగి ఏదో ఒకటి కొంటారు. ఇదంతా అక్షరాల్లోనే పంపింది. రంగుల బొమ్మ మీద మాత్రమే రాసి పంపితే చిన్న ఫోనులో పెద్దవాళ్ళు చదవలేరు, వేళను వెతుక్కోవడానికీ ఇంకొకరికి చెప్పడానికీ కుదరదు. బొమ్మ కావాలనుకుంటే అదీ పంపవచ్చు, కానీ దాని కింద ఈ మాటలుండాలి.

జూన్ 18న ఇరవైమందికీ విడివిడిగా వెళ్ళిన రెండో కబురు:

“మాస్టారి వీడ్కోలు సభకు మొత్తం 9,000 రూపాయల దాకా ఖర్చు అనుకుంటున్నాం: టిఫిను, జ్ఞాపిక, శాలువా, దంపతులకు బట్టలు. ఇందులో పాలుపంచుకోవాలనుకుంటే 600 రూపాయలకు మించకుండా మీకు వీలైనంత డ్రిల్లు మాస్టారికి 25వ తేదీలోగా చేతికైనా ఫోన్‌పేలోనైనా ఇవ్వవచ్చు. ఎవరు ఎంత ఇచ్చారన్నది ఆయన దగ్గరే ఉంటుంది, గ్రూపులో పేర్లు పెట్టం. ఇవ్వడం కుదరకపోతే ఎవరికీ కారణం చెప్పనవసరం లేదు. కానుక మన సిబ్బంది అందరి పేరునా ఉంటుంది. లెక్క సభ అయ్యాక తెలియజేస్తాం.”

‘కానుక అందరి పేరునా’ అన్న వాక్యం తీసెయ్యకూడదు. డబ్బిచ్చినవాళ్ళ పేర్లే జ్ఞాపిక మీద వేయించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా చేస్తే ఇవ్వనివాళ్ళ పేర్లు కూడా దాని మీద చదివినట్టే ఉంటుంది, ఖాళీ రూపంలో. ‘పాఠశాల సిబ్బంది’ అన్న ఒక్క మాట చాలు. గుమ్మటంలా ఉండే ఫొటో ఫ్రేము చేయించినా సరే, అందులో ఆయా, వంట అమ్మలు కూడా ఉన్న గ్రూపు ఫొటోయే పెట్టాలి.

గుర్తుచెయ్యడం ఒక్కసారే, అదీ గడువుకు ముందురోజు, ఇచ్చినవాళ్ళకూ ఇవ్వనివాళ్ళకూ ఒకే మాటగా. ఇవ్వనివాళ్ళను ఏరి పంపే గుర్తింపుకు తగాదా అని ఇంకో పేరు. అసలు మన చందా ఐచ్ఛికంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. ఇరవైకి ఇరవైమందీ సరిగ్గా పై హద్దు దాకా ఇచ్చారంటే ఎక్కడో ఏదో ఒత్తిడి పని చేసిందని అనుమానించాలి. మూడు వందలిచ్చినవాళ్ళూ అసలివ్వనివాళ్ళూ కొందరుంటే, వాళ్ళు సభకు వచ్చి ముందు వరసలో కూర్చుంటే, పద్ధతి సరిగ్గా ఉన్నట్టు.

మన హైస్కూల్లో 25వ తేదీ సాయంత్రానికి డ్రిల్లు మాస్టారి దగ్గర చేరింది ఇదీ: పదకొండుమంది ఆరు వందల చొప్పున 6,600. నలుగురు అయిదు వందల చొప్పున 2,000. ఇద్దరు మూడు వందల చొప్పున 600. ముగ్గురు ఇవ్వలేదు. మొత్తం 9,200. బట్టలు అనుకున్న ధరలోనే దొరికాయి. అటెండరు తన వాటా తీసుకోమని డ్రిల్లు మాస్టారి దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. డబ్బు తీసుకోకుండా, పూలదండలు పట్టణం నుంచి తాజాగా తెచ్చే పని అప్పగించారు. దానికి డబ్బు పట్టీలోంచే ఇచ్చారు. ఏదో ఒకటి చెయ్యాలని వచ్చిన మనిషిని ఉత్తినే తిప్పి పంపకుండా ఉండడానికి ఇలాంటి పని ఒకటి ముందే అట్టిపెట్టుకోవడం మంచిది.

సభ మర్నాడు, జూలై 1న, మళ్ళీ విడివిడిగా ఇరవైమందికీ మూడో కబురు వెళ్ళింది. వచ్చింది 9,200, ఖర్చు 9,000, మిగిలింది 200. పేర్లు లేవు. బిల్లులు డ్రిల్లు మాస్టారి దగ్గర నెలాఖరు దాకా ఉంటాయి, చూడాలనుకున్నవాళ్ళు చూడవచ్చు. మిగిలిన రెండు వందలతో లైబ్రరీకి పుస్తకం కొంటామని అందులోనే రాశారు. సెలవులో ఉండి ఆలస్యంగా డబ్బు తెచ్చిన ఒక టీచరుకు మాత్రం లెక్క ముగిసిందని చెప్పి తిరిగి ఇచ్చేశారు.